స్లాబుల లెక్కకు ఒక్క ఫార్ములా: SUMPRODUCT ఎక్కడిదాకా పనికొస్తుంది?

ఆదాయపు పన్నులో కొత్త విధానం 2020 బడ్జెట్‌తో వచ్చింది. దాని స్లాబులు 2023లో మారాయి, 2024 జూలై బడ్జెట్‌లో మళ్లీ మారాయి, 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో ఇంకోసారి మారాయి. మారిన ప్రతిసారీ జీతాల లెక్కలు చూసే ఉద్యోగులు, ఆడిటర్ల దగ్గర పనిచేసే కుర్రాళ్లు, తమ పన్ను తామే వేసుకునే టీచర్లు పాత ఎక్సెల్ షీటు తెరిచి దిద్దుకోవాల్సి వచ్చింది. దిద్దుబాటు ఒక పట్టికలో ఆరేడు అంకెలు మార్చడంతో అయిపోయిందా, లేక బారెడు ఫార్ములాలో ఏ అంకె ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చిందా అన్నది ఆ షీటును మొదట ఏ పద్ధతిలో కట్టారన్న దాన్నిబట్టే ఉంటుంది.

ఆ పద్ధతులు ప్రధానంగా నాలుగు. ఒకదానిలో ఒకటి దూర్చిన IFలు, అప్పటిదాకా పోగైన పన్నును పట్టికలో పెట్టుకుని VLOOKUPతో వెతకడం, స్లాబుకో వరుస చొప్పున విడివిడిగా లెక్కించి కూడటం, చివరగా SUMPRODUCT. నాలుగూ సరిగ్గా కడితే ఒకే జవాబు ఇస్తాయి. తేడా వచ్చేదల్లా అవి ఎలా తప్పుతాయి, తప్పినప్పుడు మనకు తెలుస్తుందా లేదా అన్నచోటే. నా మొగ్గు SUMPRODUCT వైపే. కానీ దాన్ని ఒంటరిగా నమ్మకూడదన్నది కూడా నా అభిప్రాయమే. ఎందుకో చెప్పాలంటే ఒక లెక్క చేసి చూడాలి.

2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త విధానంలో స్లాబులు ఇవి: 4 లక్షల దాకా పన్ను లేదు. అక్కడి నుంచి ప్రతి 4 లక్షలకూ రేటు 5 శాతం చొప్పున పెరుగుతూ 24 లక్షల పైన 30 శాతానికి చేరుతుంది. షీటులో ఈ పట్టికను ఇలా రాసుకుందాం. A కాలమ్‌లో స్లాబు మొదలయ్యే మొత్తం, B కాలమ్‌లో రేటు, C కాలమ్‌లో కిందటి స్లాబు రేటుకూ దీనికీ ఉన్న తేడా.

```
     A         B     C
2    0         0%    0%
3    400000    5%    5%
4    800000    10%   5%
5    1200000   15%   5%
6    1600000   20%   5%
7    2000000   25%   5%
8    2400000   30%   5%
```

C కాలమ్‌ను చేత్తో టైపు చెయ్యకూడదు. C2లో `=B2` అని, C3లో `=B3-B2` అని రాసి కిందికి లాగాలి. పన్ను వేయాల్సిన ఆదాయం F2లో ఉందనుకుంటే ఫార్ములా ఇంతే:

```
=SUMPRODUCT((F2>$A$2:$A$8)*(F2-$A$2:$A$8)*$C$2:$C$8)
```

ఏడాదికి 18,50,000 జీతం వచ్చే ఉద్యోగిని తీసుకుందాం. స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే పన్ను వేయాల్సిన ఆదాయం 17,75,000. చేత్తో లెక్కేస్తే 4 నుంచి 8 లక్షల ముక్క మీద 20,000, 8 నుంచి 12 లక్షల ముక్క మీద 40,000, 12 నుంచి 16 లక్షల ముక్క మీద 60,000, మిగిలిన 1,75,000 మీద 20 శాతం చొప్పున 35,000. మొత్తం 1,55,000.

SUMPRODUCT ఇదే మొత్తానికి వేరే దారిలో వస్తుంది. అది ఆదాయాన్ని ముక్కలుగా కోయదు. ప్రతి గీత దగ్గరా నిలబడి "ఈ గీతకు పైన ఎంతుంది?" అని అడుగుతుంది. 4 లక్షల పైన 13,75,000 ఉంది. 8 లక్షల పైన 9,75,000, 12 లక్షల పైన 5,75,000, 16 లక్షల పైన 1,75,000. 20 లక్షల గీతను ఈ ఆదాయం దాటలేదు కాబట్టి అక్కడా, ఆ పైనా సున్నా. ఈ నాలుగూ కూడితే 31,00,000. అందులో 5 శాతం 1,55,000.

రేటుకు బదులు రేట్ల తేడా ఎందుకు వాడాలన్నదే ఇక్కడ కీలకం. 17 లక్షల దగ్గరున్న ఒక రూపాయిని చూడండి. అది 4 లక్షల గీతకు పైనుంది, 8 లక్షల గీతకూ పైనుంది, 12కూ, 16కూ పైనే. అంటే ఫార్ములా దాన్ని నాలుగుసార్లు లెక్కలోకి తీసుకుంటుంది. ప్రతిసారీ 5 శాతం చేరి, నాలుగుసార్లకు 20 శాతం అవుతుంది. ఆ రూపాయి మీద చట్టం వేసేది సరిగ్గా అంతే. తేడాలకు బదులు పొరపాటున B కాలమ్ రేట్లే ఇచ్చామనుకోండి, అదే రూపాయి మీద 5, 10, 15, 20 అన్నీ కలిసి 50 శాతం పడుతుంది. మన ఉద్యోగికి 1,55,000 రావాల్సినచోట 2,87,500 వస్తుంది. C కాలమ్‌కు బదులు B కాలమ్ చూపించడం ఈ పద్ధతిలో తరచూ జరిగే పొరపాటు. అదృష్టవశాత్తూ జవాబు మరీ పెద్దదిగా వస్తుంది కాబట్టి త్వరగానే దొరికిపోతుంది.

ఫార్ములాలో మొదటి ముక్క `(F2>$A$2:$A$8)` చేసే పని కాపలా. అది లేకపోతే దాటని గీతల దగ్గర ఆదాయం నుంచి గీతను తీసేసినప్పుడు మైనస్ అంకె వచ్చి, పన్నును తగ్గించేస్తుంది. `>` పెట్టాలా, `>=` పెట్టాలా అని కొందరు తర్జనభర్జన పడతారు. ఇక్కడ రెండూ ఒకటే. ఆదాయం సరిగ్గా గీత మీదుంటే దానికి పైనున్నది సున్నా కాబట్టి ఎలా రాసినా చేరేదీ సున్నాయే. స్లాబుల లెక్కకున్న గుణం కూడా ఇదే. గీత దాటిన చోట పన్ను ఒక్కసారిగా గెంతదు, వాలు మాత్రమే మారుతుంది. ఇంక్రిమెంటు వచ్చి పై స్లాబులో పడితే చేతికొచ్చేది తగ్గిపోతుందని ఇప్పటికీ భయపడేవాళ్లున్నారు. స్లాబుల వల్ల అలా జరగదు. వేరే కారణాల వల్ల జరగొచ్చు, దాని సంగతి కాసేపట్లో చూద్దాం.

ముందు మిగతా మూడు పద్ధతుల సంగతి. IFల పద్ధతిలో ప్రతి స్లాబుకూ గీతను రెండుసార్లు, అక్కడిదాకా పోగైన పన్నును ఒకసారి, రేటును ఒకసారి రాయాలి. ఏడు స్లాబులకు ఒకే ఫార్ములాలో ఇరవైకి పైగా అంకెలు చేరతాయి. ఎక్సెల్ 2007 నుంచి ఒకదానిలో ఒకటి 64 IFలు దూర్చనిస్తుంది కాబట్టి ఇబ్బంది ఎక్సెల్‌ది కాదు. బడ్జెట్ మారినప్పుడు ఒక గీతను ఒకచోట మార్చి రెండోచోట మరిచిపోతే, ఆ ఒక్క స్లాబులో పడే ఉద్యోగుల పన్ను మాత్రమే తప్పుతుంది, మిగతా అందరిదీ సరిగ్గానే కనిపిస్తుంది. నలుగురైదుగురి లెక్క సరిచూసి బాగుందనుకునేవాళ్లకు ఈ తప్పు దొరకదు. ఈ పద్ధతిని మానెయ్యాలనడానికి నాకు ఈ ఒక్క కారణం చాలు.

VLOOKUP పద్ధతి మంచిదే. పట్టికలో ఇంకో కాలమ్ పెట్టి, ప్రతి గీత దగ్గరికి అప్పటిదాకా పోగైన పన్ను రాసుకుంటాం: 4 లక్షల దగ్గర సున్నా, 8 దగ్గర 20,000, 12 దగ్గర 60,000, 16 దగ్గర 1,20,000, 20 దగ్గర 2,00,000, 24 దగ్గర 3,00,000. ఆదాయం ఏ స్లాబులో పడిందో వెతికి, ఆ గీత దగ్గరి పన్నుకు మిగిలిన దాని మీది పన్ను కలిపితే సరిపోతుంది. పన్ను పట్టికలు అచ్చు పుస్తకాల్లోనూ ఇలాగే ఉంటాయి కాబట్టి చదివేవాళ్లకు అలవాటైన దారి. అయితే పోగైన పన్ను కాలమ్‌ను టైపు చేసి వదిలేస్తే, రేటు మారిన ఏడాది అది పాతదిగానే ఉండిపోతుంది. అదీ ఫార్ములాతోనే రావాలి. గీతలు చిన్న నుంచి పెద్దకు వరుసలో ఉండటం కూడా తప్పనిసరి.

స్లాబుకో వరుస పెట్టే పద్ధతిలో ప్రతి వరుసలో `=MAX(0,MIN($F$2,A3)-A2)*B2` లాంటి ఫార్ములా ఉంటుంది. చివరి స్లాబుకు పై గీత ఉండదు కాబట్టి A9లో బాగా పెద్ద అంకె ఒకటి పెట్టుకోవాలి. ఇది ఒక్క మనిషి లెక్కకే పనికొస్తుంది, వందమందికి వాడలేం. కానీ "నాకింత పన్నెందుకు పడింది?" అని ఉద్యోగి అడిగితే చూపించడానికి దీన్ని మించినది లేదు. SUMPRODUCT చేయలేని పని ఇదే: అది జవాబిస్తుంది గానీ దారి చూపించదు. మన ఉద్యోగి పన్నులో 13,75,000 మీద 5 శాతం అనే ముక్క ఏ చట్టంలోనూ కనిపించదు కదా.

దారి కనిపించని ఫార్ములా కాబట్టే SUMPRODUCT ఎలా తప్పుతుందో కాస్త నిదానంగా చూడాలి. ఇందులో కొన్ని తప్పులు తమంతట తామే బయటపడతాయి. A కాలమ్‌లో ఏడు వరుసలు, C కాలమ్‌లో ఆరు వరుసలు ఇస్తే `#N/A` వస్తుంది. చివరి గీత చోట "24 లక్షల పైన" అని మాటల్లో రాస్తే `#VALUE!` వస్తుంది. ఇవి ప్రమాదం లేనివి, ఎందుకంటే చూసిన వెంటనే తెలుస్తాయి.

చప్పుడు చెయ్యకుండా తప్పేవి వేరే ఉన్నాయి. ఎక్కడి నుంచో పట్టికను కాపీ చేసి పేస్టు చేసినప్పుడు 400000 అన్నది అంకెగా కాక అక్షరాలుగా దిగుతుంది. చూపుకి రెండూ ఒకటే. అంకెకూ అక్షరాలకూ పోలిక పెడితే ఎక్సెల్ ఎప్పుడూ అక్షరాలనే పెద్దవిగా తీసుకుంటుంది. అందువల్ల ఎంత ఆదాయమున్నా `F2>A3` అన్నది తప్పని తేలి, ఆ వరుస సున్నా అయిపోతుంది. ఎర్రర్ ఏమీ రాదు. మన ఉద్యోగి లెక్కలో 4 లక్షల గీత దగ్గరి 68,750 మాయమై, పన్ను 86,250 అని కనిపిస్తుంది. తక్కువ వచ్చిన పన్ను గురించి ఎవరూ ఫిర్యాదు చెయ్యరు, అందుకే ఇది ఏడాది చివరిదాకా అలాగే ఉండిపోతుంది. కనిపెట్టడానికి చిన్న ఉపాయం ఉంది. పట్టిక పక్కన ఖాళీ సెల్‌లో `=COUNT(A2:A8)` అని రాయండి. COUNT అంకెల్ని మాత్రమే లెక్కపెడుతుంది. 7 రాకపోతే ఏదో వరుస అక్షరాలుగా ఉన్నట్టే.

రెండోది డాలర్ గుర్తులు మరిచిపోవడం. ఇందులో ఒక విచిత్రం ఉంది. `$` లేకుండా రాసి ఫార్ములాను కిందికి లాగితే, రెండో ఉద్యోగి లెక్కలో పట్టిక ఒక వరుస కిందికి జరుగుతుంది, అంటే సున్నా గీత ఉన్న వరుస పోతుంది. దాని రేటు ఎలాగూ సున్నాయే కాబట్టి, పట్టిక కింద ఖాళీగా ఉంటే పన్ను సరిగ్గానే వస్తుంది. మూడో ఉద్యోగి దగ్గర 4 లక్షల గీత పోతుంది, నాలుగో ఉద్యోగి దగ్గర 8 లక్షలది కూడా. మొదటి ఇద్దరి లెక్క సరిచూసి సంతకం పెట్టేవాళ్లకు అంతా బాగానే ఉందనిపిస్తుంది. సరిచూడాల్సింది జాబితాలో చివరి మనిషి లెక్క.

మూడోది, కాపలా ముక్కకు బదులు MAX వాడబోవడం. `SUMPRODUCT(MAX(F2-$A$2:$A$8,0)*$C$2:$C$8)` అని రాస్తే చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ MAX వరుసకో జవాబు ఇవ్వదు, అన్ని వరుసల్నీ కలిపి అతి పెద్దది ఒక్కటే ఇస్తుంది. సున్నా గీత ఉంది కాబట్టి ఆ పెద్దది ఆదాయం మొత్తమే. దాన్ని తేడాలన్నిటితో గుణిస్తే 17,75,000 మీద నేరుగా 30 శాతం, అంటే 5,32,500 పడుతుంది. అలాగే గుణకారం గుర్తు `*` బదులు కామాలు పెట్టి మూడు ముక్కల్నీ విడిగా ఇస్తే జవాబు సున్నా వస్తుంది, ఎందుకంటే TRUE, FALSE అన్నవాటిని SUMPRODUCT తనంతట తాను అంకెలుగా తీసుకోదు. గుణకారం చేస్తేనే అవి 1, 0 అవుతాయి.

ఇంకొక సంగతి 2025-26 పట్టికకే ప్రత్యేకం. తేడాలన్నీ 5 శాతమే కావడం వల్ల C కాలమ్‌లో వరుసలు తారుమారైనా జవాబులో చాలాసార్లు తెలియదు. కాబట్టి ఫార్ములాను పరీక్షించాలంటే పాత విధానం పట్టికతో పరీక్షించాలి. అక్కడ 2.5 లక్షల పైన 5 శాతం, 5 లక్షల పైన 20, 10 లక్షల పైన 30. తేడాలు 5, 15, 10. అరవై ఏళ్ల లోపువాళ్లకు 12 లక్షల ఆదాయం మీద పన్ను 1,72,500 రావాలి: 9,50,000 మీద 5 శాతం 47,500, 7,00,000 మీద 15 శాతం 1,05,000, 2,00,000 మీద 10 శాతం 20,000. తేడాల్లో ఎక్కడ చెయ్యి జారినా ఈ లెక్క వెంటనే పట్టిస్తుంది. అరవై దాటినవాళ్లకు పాత విధానంలో మొదటి గీత 3 లక్షలు, ఎనభై దాటినవాళ్లకు 5 లక్షలు. ఫార్ములా ముట్టుకోకుండా పట్టిక మారిస్తే చాలు.

ఇప్పుడు ఆ ఫార్ములా హద్దు దగ్గరికి వద్దాం. పట్టిక దగ్గర లెక్క ఆపేసినవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. స్లాబుల దగ్గర పన్ను వాలు మారుతుందనీ, గెంతదనీ అనుకున్నాం. కానీ చట్టంలో గెంతే చోట్లు కొన్నున్నాయి. మొదటిది సెక్షన్ 87A కింద వచ్చే రిబేటు. 2025-26కి కొత్త విధానంలో పన్ను వేయాల్సిన ఆదాయం 12 లక్షల దాకా ఉంటే స్లాబుల ప్రకారం వచ్చే 60,000 దాకా పన్ను మొత్తం పోతుంది. ఒక్క రూపాయి దాటితే 60,000 తిరిగొచ్చి మీద పడాలి. అది అన్యాయం కాబట్టి చట్టమే మార్జినల్ రిలీఫ్ ఇచ్చింది: 12 లక్షల పైన ఎంత సంపాదించారో, పన్ను అంతకు మించకూడదు. ఆదాయం 12,10,000 అయితే SUMPRODUCT చెప్పేది 61,500. కట్టాల్సింది 10,000, దాని మీద 4 శాతం సెస్సు 400. ఇది రేట్ల పట్టికలో ఇమడదు, పక్కన ఇంకో సెల్ కావాలి. స్లాబు పన్ను G2లో ఉందనుకుంటే:

```
=IF(F2<=1200000,0,MIN(G2,F2-1200000))
```

60,000ను 0.85తో భాగిస్తే 70,588 వస్తుంది. అంటే సుమారు 12,70,588 దాకా రిలీఫ్ పనిచేస్తుంది, ఆ పైన స్లాబు పన్నే తక్కువ అవుతుంది. MIN ఉండటం వల్ల ఈ అంకెను ఫార్ములాలో రాయాల్సిన పనిలేదు. ఇక్కడ కూడా `<=` బదులు `<` రాసినా జవాబు మారదు. సరిగ్గా 12,00,000 ఉన్నవాళ్లకు MIN కూడా సున్నానే ఇస్తుంది.

రిబేటు భారతదేశంలో రెసిడెంటుగా లెక్కకొచ్చే వ్యక్తులకే. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటూ, ఇక్కడి ఇంటి అద్దె మీద పన్ను కట్టే తెలుగువాళ్లు ఎన్‌ఆర్‌ఐలైతే పై సెల్ వాళ్లకు వర్తించదు. వాళ్లకు G2లో ఉన్నదే పన్ను. ఊళ్లో ఉన్న బంధువులు తమ షీటునే వాళ్లకు పంపినప్పుడు ఈ తేడా గమనించాలి. షేర్లు అమ్మితే వచ్చే లాభాల్లాగా ప్రత్యేక రేటున్న ఆదాయాన్ని కూడా F2లో కలపకూడదు. దాని మీది పన్ను వేరే లెక్క, దానికి ఈ రిబేటూ అందదు.

రెండో గెంతు సర్‌ఛార్జి. ఆదాయం 50 లక్షలు దాటితే పన్ను మొత్తం మీద 10 శాతం పడుతుంది. 50 లక్షల మీద స్లాబు పన్ను 10,80,000. ఆదాయం 50,10,000 అయితే పన్ను 10,83,000, సర్‌ఛార్జి 1,08,300, మొత్తం 11,91,300. కానీ ఇక్కడా రిలీఫ్ ఉంది. ఎక్కువ వచ్చిన 10,000కు మించి అదనపు పన్ను ఉండకూడదు కాబట్టి సెస్సుకు ముందు కట్టాల్సింది 10,90,000. ఈ లెక్కకు అదే SUMPRODUCTను రెండుసార్లు వాడుకోవచ్చు: ఒకసారి అసలు ఆదాయానికి, ఇంకోసారి 50 లక్షల గీతకు.

ఇక సవరింపు. పన్ను వేయాల్సిన ఆదాయాన్నీ, చివర్లో కట్టాల్సిన మొత్తాన్నీ దగ్గరి పది రూపాయలకు సవరిస్తారు. `ROUND(F2,-1)` లాంటిది ఆ రెండుచోట్లా పెట్టాలి తప్ప మధ్యలో స్లాబు స్లాబుకూ పెట్టకూడదు. మన ఉద్యోగికి 1,55,000 మీద సెస్సు 6,200, మొత్తం 1,61,200.

వందమంది జీతాల లెక్క చూసే ఆఫీసుకు SUMPRODUCT, దాని పక్కన రిబేటుకో సెల్, సర్‌ఛార్జికో సెల్ సరిపోతాయి. తన పన్ను తానే చూసుకునేవాళ్లకు స్లాబుకో వరుస పెట్టే పద్ధతే సుఖం. రెండూ ఒకే షీటులో పెట్టి, ఒకే ఆదాయానికి రెండు జవాబులూ కలుస్తున్నాయో లేదో చూసుకోవడం అన్నిటికన్నా మేలు. పట్టిక మార్చిన ప్రతిసారీ F2లో 4, 8, 12, 16, 20, 24 లక్షలు ఒక్కొక్కటిగా వేసి చూడండి. 2025-26 పట్టికకు G2లో సున్నా, 20,000, 60,000, 1,20,000, 2,00,000, 3,00,000 రావాలి. ఆ తర్వాత 24 లక్షలకు ఒక లక్ష కలిపి చూడండి, 3,30,000 రావాలి. ఇందులో ఏ ఒక్కటి రాకపోయినా ఆ షీటుతో ఎవరి జీతంలోనూ టీడీఎస్ కోయకండి.